వాలు గీత, మెట్టు గీత

మా ఆవిడ దగ్గర ఒక నీళ్ల సీసా ఉండేది. దాని మీద గోళ్ల రంగుతో మూడు గీతలు గీసింది. పొద్దున ఇక్కడిదాకా, మధ్యాహ్నం ఇక్కడిదాకా, రాత్రికి అడుగుదాకా. మొత్తం ముప్పావు లీటరు. కిడ్నీలు రెండూ చేతులెత్తేసిన మనిషిని నేను. అంతకు మించి తాగితే ఆ నీళ్లు ఒంట్లోనే నిలిచిపోతాయి. ముప్పై ఏళ్లు ఎండలో ఇళ్లు కట్టిన మేస్త్రీకి ముప్పావు లీటరు! ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక సీసా మీదే తెచ్చుకునేవాడిని.

వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో డయాలసిస్. మిషను నీళ్లు లాగేశాక నా బరువు ఇంత ఉండాలని డాక్టరు ఒక అంకె రాస్తారు. దాన్ని డ్రై వెయిట్ అంటారు. కాళ్ల వాపు, బీపీ చూసి ఎప్పుడో ఒకసారి ఆ అంకె మారుస్తారు. మళ్లీ మార్చేదాకా అదే అంకె.

మా అక్క తన కిడ్నీ ఇస్తానంది. "నా దగ్గర రెండున్నాయి కదరా, చిన్నప్పుడు నీ జామకాయలు లాక్కున్నందుకు బాకీ తీరిపోతుంది" అని నవ్వేసింది. పరీక్షలన్నీ కుదిరాయి. ఒకటే చిక్కు. అరవై నిండినవాళ్ల దగ్గర ఆ ఆసుపత్రిలో కిడ్నీ తీసుకోరు. అక్కకు అరవై నిండడానికి ఇంక నాలుగు నెలలే ఉంది.

జూన్ నెలాఖరులో పెద్ద డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది. ఆపరేషన్‌కు సరేననాల్సిన కమిటీకి ఆవిడే పెద్ద. ఆసుపత్రి ఆఫీసాయన కంప్యూటర్లో తీసిన ఒక గ్రాఫు బల్ల మీద పెట్టింది.

"ఈ గీత మీ డ్రై వెయిట్. ఈ చుక్కలు మీరు మిషను దిగాక తూచిన బరువులు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా చూడండి, చుక్కలు దాదాపు అన్నీ గీతకు పైనే. అంటే నీళ్లు ఎక్కువ తాగుతున్నారు. నీళ్ల దగ్గరే పట్టు లేని మనిషి రేపు మందులు వేళకు వేసుకుంటాడా అని కమిటీ అడుగుతుంది. ఆరు నెలలు ఆగుదాం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను తాగలేదండీ!" అని అరిచాను. అరిచేవాడిని ఎవరు నమ్ముతారు? మా ఆవిడ మాత్రం ఒళ్లో ఉన్న సీసాను, అందులో మిగిలిన నీళ్లను చూస్తూ కూర్చుంది. ఆ చూపుకంటే ఆరు నెలల మాటే నయమనిపించింది.

మధ్యాహ్నం డయాలసిస్‌కు వెళ్లాను. అక్కడి టెక్నీషియన్‌ను మేమంతా కొలతలమ్మ అంటాం. యాభై గ్రాములు తేడా వచ్చినా చెప్పులు విప్పించి మళ్లీ తూస్తుంది. సూదులు గుచ్చి, మిషను తిప్పి, "ఏంటి మేస్త్రీ గారూ, మొహం అలా మాడిపోయింది?" అంది. మా ఆవిడ ఆ కాగితం తీసి చేతికిచ్చింది.

కొలతలమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"ఇదేదో వింతగా ఉందే. జనవరి నాలుగున డ్రై వెయిట్ అరవై నాలుగు కిలోలని రాశారు. ఆ రోజు చుక్క గీత మీదే ఉంది. తర్వాత వారం వారం కాస్త కాస్త దూరం పెరిగి, ఫిబ్రవరి నెలాఖరుకు దాదాపు అరకిలో అయింది. మార్చి రెండున అరవై మూడున్నరకు దించారు. ఆ రోజు చుక్క మళ్లీ గీత మీదే! ఏప్రిల్ ఇరవైన అరవై మూడు, మళ్లీ ఇదే కథ. సరిగ్గా డాక్టరు గారు అంకె మార్చిన రోజే మీకు బుద్ధి వస్తోందా?"

ఆమె ఫైలు తెప్పించింది. ఫిబ్రవరి అంతా నా బరువు అరవై నాలుగే. అప్పటి డ్రై వెయిట్ కూడా అరవై నాలుగే. మరి గీత కిందికి ఎందుకు దిగింది?

నాకు వెలిగింది. పక్క మంచం పెద్దాయన ఉలిక్కిపడేలా అరిచాను.

"ఇది ర్యాంపమ్మా! డాక్టరు గారు మెట్లు కట్టమంటే ఆఫీసాయన ర్యాంపు పోశాడు!"

"అంతే! ఆయన మార్పు తేదీలు మాత్రమే ఎక్కించాడు. కంప్యూటరు ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు ఏటవాలుగా గీసేసింది. రోజూ కొంచెం కొంచెం దిగాలని మీకెవరూ చెప్పలేదుగా!"

గళ్ల కాగితం తెచ్చి ఆమె స్కేలుతో మొదలుపెట్టింది. నా ఒక చెయ్యి మిషనుకు కట్టుబడి ఉన్నా నోరు ఖాళీగానే ఉంది. "అరవై నాలుగు దగ్గర మట్టంగా పోనీయమ్మా. మార్చి రెండు దాకా. ఆఁ, అక్కడ నిట్టనిలువుగా దించు. మళ్లీ మట్టం." గీత పూర్తయ్యాక బరువుల చుక్కలు పెట్టింది. ఒక్కొక్కటే వచ్చి మెట్టు మీద కూర్చున్నాయి.

ఒక్కటి తప్ప. మార్చి నాలుగు, అరవై నాలుగు కిలోలు. మెట్టుకు అరకిలో పైన ఒంటరిగా నిలబడింది. పాత గ్రాఫులో అది గుంపులో కలిసిపోయింది. ఇప్పుడు దాక్కోవడానికి చోటు లేదు.

"అంకె మార్చాక ఇది రెండో రోజే కదా. ఒళ్లు సర్దుకోలేదని రాస్తాలెండి" అంది కొలతలమ్మ.

తల ఊపేస్తే సరిపోయేది. కానీ నా కోసం అంత నిక్కచ్చిగా గీసిన గీత ముందు అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"కాదమ్మా. అంతకు ముందు రోజు మా వాళ్లు స్లాబు పోస్తుంటే చూడ్డానికి వెళ్లాను. ఎండ మండిపోతోంది. కుళాయికి నోరు పెట్టి తాగేశాను. కడుపు నిండా."

మా ఆవిడ తలెత్తింది. "ఆ రోజు మీ కాళ్లు వాచాయి. నేనే కొలత తప్పి ఎక్కువ పోశానేమో అనుకున్నా. సీసా మీది గీతలన్నీ చెరిపి మళ్లీ గీశాను" అంది.

మర్నాడు కొలతలమ్మ మాతోపాటు వచ్చి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. డాక్టరమ్మ ఫైలు తిరగేసి తేదీలు సరిచూసుకుంది. "పొరపాటు మాదే" అంది. తర్వాత ఆ ఒంటరి చుక్క మీద వేలు పెట్టింది. "ఇదేంటి?"

"నేనే తాగానండీ."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "మందు వేసుకోవడం మరిచిపోతే ఫోన్ చేసి చెప్పే పేషెంటే నాకు కావాలి. కమిటీకి పంపిస్తున్నాను."

అక్కకు అరవై నిండడానికి ఐదు వారాల ముందు ఆపరేషన్ జరిగింది. ఇద్దరం బాగున్నాం. తన కిడ్నీ వచ్చాక నాకు ఓపిక వచ్చిందని అక్క ఊరంతా చెబుతోంది. ఆమెకు నేను ఎన్ని జన్మలకు రుణం తీర్చుకోను? కొలతలమ్మ గీసిన కాగితానికి ఫ్రేము కట్టించాను. దాన్ని చూసినప్పుడల్లా ఆ అమ్మాయి చల్లగా ఉండాలని నోటితోనే అంటాను, మనసులో అనుకుంటే నాకు సరిపోదు.

ఆపరేషన్ అయిన కొన్నాళ్లకు డాక్టరమ్మ నవ్వుతూ, "ఇక రోజుకు మూడు లీటర్లు తాగాలి మేస్త్రీ గారూ, తగ్గితే ఊరుకోను" అంది.

ఆ మాట వినగానే మా ఆవిడ లేచి వెళ్లింది. అదే సీసా తెచ్చింది. గోళ్ల రంగు గీతలు మూడూ దాటి, మూతిదాకా, చేతి మీద పొర్లేదాకా నింపి నాకు అందించింది.

"తాగండి. కొలవలేదు" అంది.