జబ్బు పేరు రాయని దరఖాస్తు

ఆడపిల్లలు పరదా కట్టిన ఎడ్లబండిలో బడికి పోయే రోజులవి. లాల్‌దర్వాజా గల్లీల్లో పొద్దున్నే ఆ బండి ఆగితే, వెంట ఉండే ఆయమ్మ ఒక్కో గుమ్మం ముందు నిలబడి పిల్లల్ని పేరుపేరునా పిలిచేది. పరదా వెనక పిల్లలు ఎక్కాలు వల్లెవేస్తుంటే బండి కదిలిపోయాక కూడా ఆ గొంతులు కాసేపు గల్లీలోనే ఉండేవి. విమలాదేవి ఆ బండిలో నాలుగేళ్ళు పిల్లలతోబాటు శాలిబండ బడికి పోయి పాఠాలు చెప్పింది. ఆ తర్వాత ఏడాదిపాటు మంచం మీద పడుకుని ఆ గొంతులు విన్నది.

ఆమెకు పుట్టిన బిడ్డ దక్కలేదు. ఆ కాన్పులోనే లోపల చెడి, ఆడవాళ్ళ దవాఖానలో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. జ్వరాలు వచ్చి పోయి మళ్ళీ వచ్చాయి. అత్తగారు నాగమణమ్మ దగ్గరుండి సాకింది. బడి ఎన్నాళ్ళు ఎదురు చూస్తుంది? ఆ చోటుకు ఇంకొకరిని పెట్టుకున్నారు. పెద్ద పంతులమ్మ శారదమ్మ మాత్రం ఇంటికి వచ్చి మరీ మంచి సర్టిఫికెట్ ఇచ్చిపోయింది.

లేచి తిరగడం మొదలైన వేసవిలో, మూసీ అవతల ఒక కమిటీ నడిపే బాలికల పాఠశాలలో తెలుగు పంతులమ్మ కావాలని తెలిసింది. దరఖాస్తు రాయాలి. ఖాళీగా ఉన్న ఏడాది సంగతి ఎట్లా రాయాలన్న దగ్గరే ఇంట్లో మాటలు మొదలయ్యాయి.

భర్త వైకుంఠానికి ఇత్తడి సామాన్ల దుకాణం ఉంది. నెమ్మదస్తుడు. ఆ ఏడాది ఊసే ఎత్తకుండా, నిన్నమొన్నటి దాకా శాలిబండలోనే పనిచేసినట్టు రాయమన్నాడు. జబ్బు మనిషి అంటే ఎవరు తీసుకుంటారని అతని భయం. శారదమ్మ సర్టిఫికెట్‌లో మానుకున్న నెల స్పష్టంగా ఉందని విమల చూపించింది. తాను ఒకటి, ఆ కాగితం ఒకటి చెబితే ఇక దేన్ని నమ్ముతారని అడిగింది. అతను సర్టిఫికెట్ మడిచి ఆమె చేతికే ఇచ్చేశాడు.

పక్కింటి కైలాసం సర్కారు కచేరీలో అహల్కారుగా, అంటే గుమాస్తాగా, చేసి పింఛను తీసుకుంటున్న పెద్దమనిషి. గల్లీలో ఎవరికి అర్జీ కావాలన్నా ఆయనే రాసిచ్చేవాడు. విమల అడగకముందే సాయంత్రం ఒక చిత్తు రాసుకొచ్చి, వాకిట్లో కూర్చుని, అందరికీ వినబడేలా చదివాడు. అందులో కాన్పు ఉంది, పోయిన బిడ్డ ఉంది, ఆపరేషన్‌లో ఏం తీసేశారో కూడా ఉంది. చివర, ఇంతటి దురదృష్టవంతురాలిపై దయతలచి ఉద్యోగం ఇప్పించవలెనని ఉంది. ఆయన మనసులో మంచే తప్ప ఇంకేమీ లేదు.

విమల లోపలికి వెళ్ళిపోయింది. నాగమణమ్మ వెనకాలే వచ్చి పక్కన కూర్చుంది.

"మన ఇంట్ల అయిన కష్టం ఇది. కమిటీల మగోళ్ళు చేతులు మార్చుకుంట చదువుడేంది బిడ్డా?" అన్నది. "గట్లని అబద్ధం రాయొద్దు. వాళ్ళకు ఎంత అవసరమో అంతే రాయి."

వాళ్ళకు ఎంత అవసరం? విమల రెండు రోజులు అదే ఆలోచించింది. తానే పంతులమ్మను పెట్టుకోవలసి వస్తే ఏం తెలుసుకోవాలనుకుంటుంది? మధ్యలో ఎందుకు మానింది, ఇప్పుడు పని చేయగలదా, పిల్లలకు అంటుకునే జబ్బేమైనా ఉందా. అంతకు మించి తెలుసుకుని చేసేదేముంది? దవాఖానకు పోయి డాక్టరమ్మను అడిగింది. ఆమె జబ్బు పేరెత్తకుండా, ఈమె పనికి తగిన ఆరోగ్యంతో ఉన్నది, అంటువ్యాధి ఏదీ లేదు అని రాసిచ్చింది.

విమల రాసుకున్న దరఖాస్తులో ఆ భాగం ఇది:

"శాలిబండ బాలికల పాఠశాలలో నాలుగు సంవత్సరాలు తెలుగు, లెక్కలు బోధించాను. నిరుడు అమర్‌దాద్ (జూన్) నెలలో అనారోగ్యం వల్ల ఆ ఉద్యోగం మానుకొని, ఒక సంవత్సరం వైద్యం చేయించుకున్నాను. ఇప్పుడు కోలుకున్నాను. పని చేయుటకు తగిన ఆరోగ్యం ఉన్నదని డాక్టరుగారు ఇచ్చిన సర్టిఫికెట్ జతచేస్తున్నాను. కొత్తగా అక్షరాలు నేర్చుకునే పిల్లలకు చదువు చెప్పడంలో నాకు మంచి అనుభవం ఉన్నది."

మొదట "పూర్తిగా కోలుకున్నాను" అని రాసి, ఎక్కువసేపు నిలబడితే ఇంకా కాళ్ళు లాగుతున్నాయి కదా అని "పూర్తిగా" కొట్టేసి, మళ్ళీ శుభ్రంగా రాసింది. అది చదివి కైలాసం మరీ పొడిగా ఉందన్నాడు. అయినా కవరు మీద చిరునామా తన అందమైన అక్షరాలతో తానే రాసిచ్చాడు.

పిలుపు వచ్చింది. ఆ రోజు వైకుంఠం దుకాణం మూసి, జట్కాలో ఆమెను నయాపూల్ వంతెన దాటించి తీసుకుపోయాడు. గదిలో ఇద్దరున్నారు. ఒకరు బడి పెద్ద పంతులమ్మ కొమురమ్మ, మరొకరు కమిటీ కార్యదర్శి అమరనాథ్, వకీలు. అన్నీ అడిగాక ఆయన దరఖాస్తు మీద వేలు పెట్టి, ఏం జబ్బో రాయలేదేమని అడిగాడు.

ఆ క్షణాన విమలకు అంతా చెప్పేసి ఏడ్చేస్తే పని సులువవుతుందని కూడా అనిపించింది. వీళ్ళు జాలిపడతారు. ఆ తర్వాత ఈ బడిలో తాను ఎప్పటికీ బిడ్డ పోయిన ఆవిడే అవుతుంది.

"అది నా సొంత సంగతి సార్. పిల్లలకు అంటేది గాదు. డాక్టరమ్మ రాసిన కాగితం జతచేసిన," అన్నది. "పని గురించి ఏదడిగినా చెప్పుత."

"మళ్ళా జబ్బు పడితే?"

"పడితే దాచను, ముందుగాల మీకే చెప్పుత. నిలబడి నిలబడి కాళ్ళు గుంజితే నడుమ కూసుంట. పాఠం మాత్రం ఆగది."

ఆయన కాగితాలు కొమురమ్మ వైపు జరిపాడు. కొమురమ్మ లేచి, ఒకసారి పిల్లలకు పాఠం చెప్పి చూపించమని తరగతికి తీసుకుపోయింది.

గదిలోకి పోగానే పలకల వాసన, సుద్ద వాసన. ఏడాదిగా తాను దేనికోసం బెంగపెట్టుకుందో విమలకు అప్పుడు తెలిసింది. ఒత్తుల పాఠం చెప్పింది. అక్క, అత్త, అవ్వ అని పిల్లల ఇళ్ళలో మాటలే తీసుకున్నది. పాఠం సగంలో కాళ్ళు లాగాయి. దాచుకోకుండా స్టూలు లాక్కుని కూర్చుని, పిల్లల్నే బోర్డు దగ్గరకు పిలిచి రాయించింది. వాళ్ళకది ఇంకా నచ్చింది. అమరనాథ్ తలుపు దగ్గరే నిలబడి చివరిదాకా విన్నాడు.

ఆర్నెల్ల పరీక్షల దాకా చూస్తామని చెప్పి తీసుకున్నారు. ఆ ఆర్నెల్లు గడిచాక మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

రెండేళ్ళ తర్వాత ఒక వర్షం రోజు, పిల్లలందరూ వెళ్ళిపోయాక, బండి కోసం ఎదురుచూస్తూ కొమురమ్మ, విమల అరుగు మీద కూర్చున్నారు. కొమురమ్మ టీ పోసిచ్చింది. ఆమె ఏమీ అడగలేదు. విమలే మొదలుపెట్టి బిడ్డ సంగతి, దవాఖాన సంగతి, అత్తగారు రాత్రింబవళ్ళు కూర్చున్న సంగతి చెప్పింది. ఆడపిల్ల అని, ఒత్తైన జుట్టని చెప్పింది. ఆ మాట అంతకుముందు ఇంట్లో కూడా ఎవరితోనూ అనలేదు.

కొమురమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. వాన తగ్గేదాకా ఇద్దరూ లేవలేదు.