కీలో తప్పిన గుర్తు

సూర్యాపేటలోని ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీకి కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి బ్రాంచీలున్నాయి. మూడు చోట్లా ప్రీఫైనల్‌కు ఒకటే కెమిస్ట్రీ పేపరు. దాన్ని తయారుచేసేదీ, దిద్దడానికి కీ రాసేదీ సుమలతే. పదకొండేళ్ల సర్వీసు ఆమెది. కీని టైపు చేయించే అలవాటు లేదు. తెల్లకాగితాల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో తానే రాసి, ఫోటో తీసి, మిగతా రెండు ఊళ్లకూ పంపుతుంది. మేడం కీలో తప్పు పట్టినవాళ్లు లేరని స్టాఫ్‌రూములో అంటుంటారు. ఆ మాట వినడం ఆమెకు ఇష్టం.

దిద్దిన పేపర్లు పంచే రోజున ఆమె దేవేందర్ పేపరును పైకెత్తి పట్టుకుంది. దేవేందర్ గరిడేపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే కుర్రాడు. ఒక ద్రావణం పీహెచ్ 10.3 అయితే అందులో హైడ్రోజన్ అయాన్ల గాఢత ఎంత అన్నది ప్రశ్న.

"ఏం రాసిండో తెలుసా? లీటరుకు రెండు ఇంటూ పది పవర్ పది మోల్స్! అంటే రెండువేల కోట్లు. ఒరేయ్, లీటరు నీళ్లల్ల నీళ్లే యాభై అయిదు మోల్స్ ఉంటయి. గీ రెండువేల కోట్లు యాడ కుక్కినవ్‌రా? లారీల తెచ్చినవా?"

క్లాసంతా గొల్లుమంది. పవర్ దగ్గర మైనస్ ఎగిరిపోతే జవాబు ఆకాశాన్ని అంటుతుందని, ఇంత పెద్ద అంకె కనబడగానే సిగ్గుపడి వెనక్కి చూసుకోవాలని ఆమె చెప్పుకుపోయింది. దేవేందర్ తల డెస్కుకు ఆనేంత కిందికి వంగింది. ఆ జవాబుకు సున్నా వేసి ఉంది.

ఆ నవ్వులు ఇంకా ఆగకముందే చాందీ లేచి నిలబడింది. పాలకీడు దగ్గరి తండా పిల్ల, హాస్టల్లో ఉంటుంది. క్లాసులో పెద్దగా నోరు విప్పదు.

"మేడం, ఆమ్లం, లవణం కలిపిన బఫర్ లెక్కకు నాకు సున్నా పడ్డది. నాకు నాలుగు పాయింట్ నాలుగు నాలుగు వచ్చింది."

"కీల ఐదు పాయింట్ సున్నా నాలుగు ఉన్నది. నీకు గుర్తు తప్పింది. ఆ ఆమ్లం పీకేఏ 4.74, దానికి లాగ్ రెండు, అంటే 0.30 కలపాలె. నువ్వు తీసేసినవ్."

"గానీ మేడం... ఎసిటిక్ ఆమ్లం 0.2 ఇచ్చిండ్రు, దాని లవణం సోడియం ఎసిటేట్ 0.1. ఆమ్లమే డబుల్ ఉన్నది గదా. మరి పీహెచ్ 4.74 కంటే కిందికి రావాలె గదా?"

"కూసో చాందీ. దేవేందర్‌కు తోడు దొరికినవ్."

మళ్లీ నవ్వులు. చాందీ కూర్చుంది. బెల్లు కొట్టారు.

స్టాఫ్‌రూముకు వెళ్లి, టీ గ్లాసు పక్కన పెట్టుకున్నాక గానీ ఆ మాట ఆమెను కుట్టలేదు. ఆమ్లమే డబుల్ ఉన్నది గదా. సుమలత తన కీ తీసింది. అందులో తన చక్కటి చేతిరాత: పీకేఏ ప్లస్ లాగ్, బ్రాకెట్లో ఆమ్లం బై లవణం. ఉండవలసింది లవణం బై ఆమ్లం. ఆమ్లాన్ని పైన రాస్తే ముందు మైనస్ ఉండాలి. పక్కన పెన్నుతో వేసుకుని చూసింది. 0.1 బై 0.2 అంటే అర. లాగ్ అర అంటే మైనస్ 0.30. నాలుగు పాయింట్ నాలుగు నాలుగు.

ఆ పిల్ల లాగ్ ముట్టకుండానే చెప్పింది. ఆమ్లం ఎక్కువైతే పీహెచ్ పీకేఏకు కిందికే దిగాలి. ఆ ముక్క ఏటా తానే బోర్డు మీద రాస్తుంది. గదిలో ఎవరూ తనవైపు చూడకపోయినా, ఆమె కీని పుస్తకం కింద దాచేసింది.

మధ్యాహ్నం చాందీని పిలిపించింది. వరండాలో ఎవరూ లేకుండా చూసి పేపరు తీసుకుంది. సున్నా కొట్టేసి నాలుగు వేసింది.

"నువ్వు కరెక్టే రాసినవ్ బిడ్డా. జర పొరపాటైంది. గిది ఎవరికీ చెప్పకు, సరేనా?"

నోటి నుంచి ఆ చివరి మాట వస్తుండగానే ఆమెకు తన గొంతు పరాయిదిలా వినిపించింది.

"సరే మేడం," అంది చాందీ. రెండడుగులు వేసి ఆగింది. "మా క్లాసుల మౌనిక కూడా నా తీరుగనే రాసింది మేడం. సున్నా పడ్డదని ఇప్పుడు నోట్స్‌ల కొట్టేసి, మీరు చెప్పినట్టు ఆమ్లం పైన రాసుకుంటున్నది. పబ్లిక్ పరీక్షకు గట్లనే చదువుకుంటదట. దానికి చెప్పొద్దా?"

ఆ అడగడంలో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకోవడానికి అడిగింది. సుమలత ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయింది.

"నేనే చెప్తా. నువ్వు పో," అంది.

ముందు మిర్యాలగూడకు ఫోన్ చేసింది. అక్కడి లెక్చరర్ వీరేశం ఇంకా పేపర్లు ముట్టలేదు. "మంచిగైంది మేడం, ఇగ మొదలు పెడ్దామనుకుంటున్న," అని నవ్వాడు. కొంచెం ఊపిరి వచ్చింది. తర్వాత కోదాడ. శ్రీవాణి అక్కడ చేరి రెండేళ్లయింది.

"శ్రీవాణీ, కీల బఫర్ లెక్క తప్పు. లాగ్‌లో ఆమ్లం, లవణం తారుమారు రాసిన."

శ్రీవాణి గొంతు తగ్గించింది.

"నాకు అనుమానం వచ్చిందండి మేడం. రెండుసార్లు వేసి చూశాను కూడా."

"మరి ఎందుకు చెప్పలే?"

"మీరు రాసిన కీ కదండి... నాదే తప్పేమో అనుకున్నాను. పోయినసారి ఒక డౌట్ అడిగితే, బేసిక్స్ చదువుకుని రమ్మన్నారు కదా. అందుకని అడగలేదండి. సరిగ్గా రాసిన ముప్పై ఎనిమిది మందికి సున్నా వేసేశాను."

వాళ్లందరివీ మళ్లీ దిద్దమని చెప్పి సుమలత ఫోన్ పెట్టేసింది. గుర్తు ఎవరికైనా తప్పుతుంది. తప్పిందని చెప్పడానికి ఒక మనిషి భయపడేలా తాను ఎప్పుడు తయారైందో ఆమెకు తెలియలేదు.

క్లాసులో తిరిగి ఇవ్వకుండా తనతోనే తెచ్చుకున్న దేవేందర్ పేపరును మళ్లీ ముందు పెట్టుకుంది. ఈసారి అంకె చూసి నవ్వకుండా వరస వరసా చదివింది. సూత్రం సరిగ్గా రాశాడు. యాంటీలాగ్ పట్టికలో 0.3కు రెండు అని సరిగ్గానే చూశాడు. మైనస్ 10.3కు యాంటీలాగ్ తీయాల్సింది, 10.3కు తీశాడు. ఆ ఒక్క గుర్తు ఉంటే ఐదు ఇంటూ పది పవర్ మైనస్ పదకొండు వచ్చేది. కాలేజీ పద్ధతి ప్రకారమే అంతవరకు చేసినదానికి రెండు మార్కులు రావాలి. రెండు వేసి, కింద తన సంతకం పెట్టింది.

మర్నాడు క్లాసులో తన కీని ఉన్నదున్నట్టు బోర్డు మీద ఎక్కించింది. "ఇది నేను రాసింది. తప్పు. చాందీ చెప్పిందే కరెక్టు. గట్ల రాసినోళ్లందరికీ మార్కులు వేస్త. నిన్న ఆమెను కూసోబెట్టి నవ్వులపాలు చేసిన, అదింకా పెద్ద తప్పు," అంది. ఆమ్లం బై లవణం అన్నచోట సున్నా చుట్టింది. "లాగ్ వేసే ముందు ఏది ఎక్కువుందో చూడుండ్రి. జవాబు ఏ దిక్కుకు పోవాల్నో లెక్క కంటే ముందే తెలుస్తది. అది నేను చూడలే."

మౌనిక గబగబా నోట్స్ తిప్పి దిద్దుకుంటోంది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని సుమలతకు అనిపించింది.

ఆమె దేవేందర్ బెంచీ దగ్గరికి వెళ్లి పేపరు ఇచ్చింది. "నువ్వూ నేనూ చేసింది ఒక్కటే తప్పు దేవేందర్. నిన్ను నలుగురిల నగుబాటు చేసిన. ఏమనుకోకు."

"పర్లేదు మేడం," అన్నాడు. మార్కులు చూడకుండానే పేపరు మడిచి బ్యాగులో పెట్టుకున్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

పర్లేదన్న మాట నిజం కాదని ఆమెకు తెలుసు. ఇంకో మాట అడిగే హక్కు తనకు లేదనీ తెలుసు. బోర్డు దగ్గరికి వెళ్లి, తన రాతను చెరిపి, ఆ లెక్కను మొదటి నుంచి చేయమని చాక్‌పీసు చాందీకి ఇచ్చింది. తాను పోయి వెనక బెంచీ చివర కూర్చుంది.