యాభై ఏడు

ఆమ్లం, క్షారం కలిస్తే పుట్టే వేడి ఏటా మా ల్యాబ్‌లో పిల్లలందరికీ మోలుకు యాభై ఏడు కిలోజౌళ్లే. కొలవకుండా దించిన, అచ్చం పుస్తకంలో అంకె. నాకు ఒళ్లు మండి, ఈసారి ఆమ్లంలో ఎవరికీ చెప్పకుండా కొన్ని నీళ్లు కలిపాను.

అయినా అందరికీ యాభై ఏడే. స్తుతి ఒక్కతే థర్మకోల్ కప్పు ముందు గ్రాఫు పట్టుకుని కూర్చుంది.

“ఏమైందమ్మా?”

“చల్లారిన గీతను కలిపిన క్షణం దాంక వెనక్కి గుంజిన మేడం. పోయిన వేడి లెక్కేసినా యాభై ఒకటే వస్తుంది.”

“కప్పు మూత సరిగ్గా పెట్టలేదేమో.”

“పెట్టిన. రెండుసార్లు చేసిన. నాకైతే యాసిడ్ మీదనే అనుమానం మేడం. అండ్ల ఎవరో నీళ్లు కలిపిండ్రు.”

వెనక బెంచీల్లో యాభై ఏడు రాసిన రికార్డులు గబగబా మూసుకున్నాయి.