కుడి మోచేతి మీద పుట్టుమచ్చ

నా భార్య సర్కారు ఆసుపత్రిలో నర్సు. ఆమె పోయాక నాకు రావలసిన కుటుంబ పింఛను కోసం ఫారం తెచ్చుకున్నాను. ఆఫీసు ముందు కూర్చునే దరఖాస్తుల రాతగాడు ఖాళీలన్నీ చకచకా నింపేసి, సంతకాల చోటు మాత్రం నాకు వదిలాడు.

లోపల గుమాస్తా ఫారం చూసి కళ్లద్దాలు సర్దుకుంది.

"గుర్తింపు చిహ్నం, కుడి మోచేతి మీద పుట్టుమచ్చ. ఏదండీ, చూపించండి."

చొక్కా చెయ్యి మడిచాను. మోచెయ్యి నున్నగా ఉంది.

"బయట కూర్చునే ఆయన రాసిన ఫారాలన్నిటిలోనూ మచ్చ అక్కడే ఉంటుంది," అంది. "పేరూ ఊరూ ఎవరైనా రాయొచ్చు. ఒంటి మీది గుర్తులు మీరే చెప్పాలి. రెండు కావాలి. లేకపోతే ఫారం తీసుకోను."

మోకాలి మీద గాటు ఒకటి దొరికింది. రెండోది ఎంత ఆలోచించినా తట్టలేదు.

వెంట వచ్చిన బావమరిది పకపకా నవ్వాడు. "నీ మెడ వెనక ఇంత మచ్చ ఉంది కద బావా! 'మీ బావ అలిగి అటు తిరిగి పడుకుంటే నాకు కనిపించేది అదొక్కటేరా' అనేది అక్క."

వాడే నా కాలరు కిందికి లాగి చూపించాడు.

"ఉందండోయ్! బాగా పెద్దదే," అంది గుమాస్తా. "రాసుకోండి."

నేనెన్నడూ చూడని మచ్చను నా చేత్తోనే రాసి సంతకం పెట్టాను. ఆమె ముద్ర వేసి రసీదు ఇచ్చింది.

"ఎన్నిసార్లు అలిగావు బావా?"

"నోరు మూసుకుని నడువు."

బయట రాతగాడు పని అయిందా అని పళ్లికిలించాడు. వాడికి మోచెయ్యి చూపించి వచ్చాను.