కంప్యూటర్‌కు తగిలిన దిష్టి

“ఇయ్యాల గీ కంప్యూటర్ చాలు అయితదో కాదో బిడ్డా. పొద్దటి సంది నా కుడి కన్ను అదురుతున్నది,” అంది నీలమ్మ, శుక్రవారం పూజ ముగించి వేళ్లకంటిన గంధం కొంగుకు తుడుచుకుంటూ.

“ఇంకా ముట్టనన్న ముట్టలే, అప్పుడే షురూ చేసినవా అమ్మా!” అని భాగ్యశ్రీ బటన్ నొక్కింది. చప్పుడు లేదు, వెలుగు లేదు. పదిసార్లు నొక్కినా అంతే. రేపు పొద్దున కాలేజీలో ఇవ్వాల్సిన ప్రాజెక్టు మొత్తం ఆ డబ్బాలోనే ఉంది. పిల్ల మొహం పాలిపోయింది.

నీలమ్మకు భయం వేసింది గానీ, తాను ముందే చెప్పానన్న తృప్తి కూడా ఓ మూల లేకపోలేదు. “పై వాటాల ఉండే ఎల్లప్ప నిన్న తొంగిచూసి, ‘మస్తున్నదక్కా’ అనె. గాయన కండ్లే!” అని లాల్‌దర్వాజా గల్లీ అంతా వినేలా అరిచింది.

మొఘల్‌పురాలో రిపేరు దుకాణం నడిపే ప్రహ్లాద్ మధ్యాహ్నానికి వచ్చాడు. అరుపులు విని దిగివచ్చిన ఎల్లప్ప గడప దగ్గరే నిలబడ్డాడు.

“మొత్తం కాలిపోయిందా అన్నా? బిడ్డ చదువు మన్నుపాలైందా?” అని ప్రహ్లాద్‌ను అడిగింది నీలమ్మ.

“జర ఆగమ్మా, డబ్బా మూతన్న తియ్యనియ్యి.” లోపల బోర్డు మీద చిన్న పచ్చలైటు వెలుగుతోంది. ప్రహ్లాద్ మీటరు పుల్లలు ఊదారంగు తీగకూ నల్ల తీగకూ ఆనించాడు. “ఐదు వోల్టులు వస్తున్నయి. బటన్ నొక్కకున్నా సప్లై గింత కరెంటు ఇస్తుండాలె. డబ్బా పానంతోనే ఉన్నది.”

తర్వాత ముందు బటన్ నుంచి వచ్చే సన్న తీగను బోర్డు నుంచి ఊడదీశాడు. బయటపడ్డ రెండు పిన్నులనూ, బటన్ నొక్కితే కలిసినట్టే, స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలిపాడు.

“అయ్యో, షాకు!” నీలమ్మ కళ్లు మూసుకుంది.

షాకు కొట్టలేదు, ఫ్యాను తిరిగింది. తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. భాగ్యశ్రీ ఫైలు తెరిచి చూసుకుని, “ఉన్నది!” అని ఏడ్చినంత పని చేసింది.

“బోర్డు మంచిగున్నది, సప్లై మంచిగున్నది. తేడా బటన్‌లనే.” మిషను ఆపి, ప్లగ్గు పీకి, ప్రహ్లాద్ మీటరును బటన్ తీగకు పెట్టాడు. బటన్ నొక్కినప్పుడు లోపల కలిస్తే మీటరు నుంచి కూత రావాలి. రాలేదు. పక్కనే ఉన్న చిన్న రీసెట్ బటన్ తీగకు పెట్టి దాన్ని నొక్కితే కుయ్‌మంది. “ఇప్పటికి దీని తీగ ఆ పిన్నులకు పెడ్త. చిన్న బటన్‌తోనే చాలు చేస్కోండ్రి.”

పాత బటన్ ఊడదీసి అరచేతిలో పెట్టుకుని గోటితో గీకాడు. ఎర్రగా, పసుపుపచ్చగా పెళ్లలు రాలాయి. “సందుల్నించి లోపలికి దిగి గట్టిపడ్డది. గందుకే నొక్కినా లోపల కలుస్త లేదు. గంధం, కుంకుమ! ఎవలు పెట్టిన్రమ్మా దీనికి?”

భాగ్యశ్రీ తల్లి వైపు చూసింది. ఎల్లప్ప గడప మీద తీరిగ్గా కూర్చుని చేతులు కట్టుకున్నాడు. “నేనైతే కండ్లే పెట్టిన అక్కా,” అన్నాడు.

ప్రహ్లాద్ మూత బిగించాడు, నాలుగు స్క్రూలూ తిప్పాడు, ప్లగ్గు పెట్టి, చిన్న బటన్ నొక్కి ఫ్యాను తిరిగేదాకా చూశాడు. కుడి కన్ను అదరడం కూడా ఆగిపోయింది నీలమ్మకు.

“శుక్రవారానికి ఒక్క బొట్టే పెట్టిన,” అంది చివరికి, నేల చూస్తూ. “ఎవల దిష్టి తగులకుంట.”