సున్నా కింద మెట్లు

సున్నా అంటే ఏమీ లేకపోవడం. మరి ఏమీ లేనిదానికన్నా తక్కువ ఎలా ఉంటుంది? ఈ సందేహం టీచరమ్మను చిన్నప్పటినుంచీ వదల్లేదు. ఒకటి రెండుసార్లు పూజ దగ్గర దేవుణ్ణే అడిగింది. ఆయన దీపం వెలుగులో నవ్వుతూ కూర్చున్నాడే తప్ప పలకలేదు. మైనస్ గుర్తుల సూత్రాలు బట్టీ పట్టింది, ముందుగదిలో ట్యూషన్ పెట్టాక పిల్లల చేతా బట్టీ పట్టించింది. ఇన్నాళ్లూ బండి నడిచింది.

ఎందుకమ్మ దగ్గర ఆగింది. ప్రతిదానికీ "ఎందుకు?" అంటుందని తోటిపిల్లలు పెట్టిన పేరది. బళ్లో లెక్కల పరీక్ష తప్పింది. సోమవారం మళ్లీ పెడతారు.

"ఈసారీ పోతే కింది తరగతిలో కూర్చోబెడతారటండీ," అంది వెంట వచ్చిన పిన్ని. "రాత్రి అన్నం కూడా తినలేదు."

"మైనస్ ఎనిమిది పెద్దదా, మైనస్ మూడు పెద్దదా?" అడిగింది టీచరమ్మ.

"ఎనిమిదే. మూడు కన్నా ఎనిమిది పెద్దదేగా?"

"కాదమ్మా, మైనస్‌లో తిరగబడుతుంది."

"ఎందుకు?"

టీచరమ్మ సూత్రం మళ్లీ చెప్పబోయి, పుస్తకం మూసేసింది.

ఆ సాయంత్రం వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుంది. సంఖ్యారేఖ గీసి, పక్కన ఉష్ణోగ్రతల లెక్కలు రాస్తోంది. వాళ్లాయన టీ గ్లాసుతో వచ్చి తొంగిచూశాడు.

"సున్నా డిగ్రీలు అంటే అసలు వేడే లేదనా?"

"మీ మొహం! నీళ్లు గడ్డకట్టే చోటని. గడ్డకట్టాక ఆ మంచు ఇంకా చల్లబడుతుంది..."

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. సున్నా అంటే లేకపోవడం కాదు, ఒక చోటు! ఎవరో నీళ్లు గడ్డకట్టే దగ్గర గీత గీసి, ఇక్కణ్ణుంచి లెక్కపెడదాం అన్నారు. గీతకి పైనా చోటుంది, కిందా చోటుంది.

"ఏమైందే, అలా గుడ్లప్పగించావు?"

"మీరు జన్మలో ఒక్క మంచిమాట అన్నారు, అదే ఆశ్చర్యం!"

పాలు పాడవుతున్నాయని ఆయన ఫ్రిజ్‌లో పెట్టిన చిన్న థర్మామీటరును పైఅరలో మంచు పక్కన పెట్టారు. కాసేపటికి మైనస్ పన్నెండు. బయటికి తీస్తే ఎర్రగీత మెల్లగా పైకి పాకింది. మైనస్ పన్నెండు నుంచి మైనస్ ఎనిమిది, మైనస్ మూడు, సున్నా. పైకి వెళ్లేకొద్దీ వెచ్చన, విలువా పెద్దది. అయితే మైనస్ మూడే పెద్దది!

అన్నీ చింపి కొత్తగా రాసింది. మొదటి కాగితం మీద నిలువు థర్మామీటరు బొమ్మ. రెండోదాని మీద అదే థర్మామీటరు పడుకున్నట్టు సంఖ్యారేఖ. కింద లెక్కలు: పొద్దున మూడు డిగ్రీలుంది, రాత్రికి అయిదు పడిపోయింది, ఎంత? మైనస్ ఆరు నుంచి నాలుగు పెరిగితే ఎంత? బయల్దేరిన గీతను లెక్కపెట్టకండి, వేసిన గంతులు లెక్కపెట్టండి అని పెద్దక్షరాల్లో రాసింది.

మర్నాడు డీటీపీ కొట్టు కుర్రాడు టైపు చేసి కాపీలు తీశాడు. ట్యూషన్ వేళ మించిపోతోందని చూసుకోకుండానే తెచ్చి పంచింది.

పిల్లలు గబగబా రాసేస్తున్నారు. ఎందుకమ్మ మాత్రం కాగితాలతో కుస్తీ పడుతోంది. మొదటిదాన్ని దాని పై అంచు కుడివైపుకు వచ్చేలా తిప్పి, రెండోదాని పైన ఆనించింది.

"టీచర్, మీ గీత తప్పు."

"అయిపోయింది నీ పని," గొణిగాడొకడు.

"ఎక్కడ?"

"ఇక్కడ ఎడమనుంచి మైనస్ ఒకటి, మైనస్ రెండు అనుకుంటూ మైనస్ ఎనిమిది దాకా వెళ్తే, పక్కనే సున్నా ఉంది. మైనస్ ఎనిమిది నుంచి ఒక్క డిగ్రీ వెచ్చబడితే సున్నాకెలా వస్తుంది? మైనస్ ఏడుకి రావాలి! సున్నా పక్కన మైనస్ ఒకటుండాలి."

టీచరమ్మ కాగితం చూసింది. నిజమే! బొమ్మ ఆమె గీసింది గనక సరిగ్గానే ఉంది, టైపు చేసిన గీత తలకిందులైంది.

"మరి మైనస్ ఎనిమిది పెద్దదా, మైనస్ మూడు పెద్దదా?"

"మైనస్ మూడే. అది వెచ్చన."

"ఎందుకు?" అని ఈసారి పిల్లలంతా ఏకకంఠంతో అరిచారు. గది నవ్వులతో దద్దరిల్లింది. ఎందుకమ్మ లేచి, థర్మామీటరు మీద వేలు పెట్టి, అందరికీ చెప్పింది. టీచరమ్మ గోడకానుకుని వింది.

డీటీపీ కుర్రాణ్ణి అడిగితే, "అంకెలు మీరు వెనకనుంచి రాశారనుకుని నేనే సరిచేశానండీ!" అన్నాడు గర్వంగా.

"మంచిపని చేశావు నాయనా. దాన్నలాగే ఉంచి, పైన 'ఈ గీతలో తప్పు పట్టుకోండి' అని కొట్టు. కింద సరైన గీత వెయ్యి."

సోమవారం పరీక్షయింది. మంగళవారం వీధి మొదట్నుంచే కేకలు వినిపించాయి. ముందు ఎందుకమ్మ, వెనక ఆయాసపడుతూ పిన్ని.

"పాసయింది! మైనస్ లెక్కలన్నీ రైటేనండీ! తరగతి మారక్కర్లేదట!"

టీచరమ్మ పిల్ల బుగ్గలు పుణికి, దేవుడి గదివైపు ఒక్కసారి చేతులు జోడించి, చెప్పులేసుకుంది.

"ఎక్కడికి టీచర్?"

"పదండి, అందరూ."

ప్రతి పరీక్షకీ పిల్లలతో 'వచ్చేసారి ఇప్పిస్తాలే' అంటూ మూడేళ్లుగా దాటవేస్తూ వచ్చిన ఐస్‌క్రీమ్ బాకీ ఆ సాయంత్రం మూలమీది కొట్టు ముందు, ఎండలో నిలబడి, తలా ఒకటి చొప్పున తీర్చేసింది.