దోసె తాగిన నూనె

కుంభకోణంలో పూంగొడి వంటింట్లోకి తూకం వచ్చింది భర్త ప్రాణం కోసమే. మాసిలామణికి క్లోమం రెండుసార్లు వాచింది. రోజు మొత్తానికి కొవ్వు ఇరవై గ్రాములు దాటకూడదని, మూడోసారి వస్తే తమ చేతుల్లో ఉండదని డాక్టరమ్మ చెప్పేసింది.

అందుకని పూంగొడి దోసెలకు ముందు నూనె గిన్నె తూచేది, తరువాత మళ్ళీ తూచేది. పెనం మీద మిగిలింది కాగితంతో తుడిచి, ఆ కాగితానికి పెరిగిన బరువు తీసేసేది. మిగతాదంతా దోసెలు తాగినట్టే. మూడు దోసెలకు ఒక చిన్న చెంచా, అంటే ఐదు గ్రాములకు మించకూడదు.

ఒకరోజు లెక్క ఇరవై ఒక్క గ్రాములు వచ్చింది. మర్నాడూ అంతే. గిన్నెకు చిల్లు లేదు, పొయ్యి గట్టు మీద చుక్క లేదు. మాసిలామణి మాత్రం పొట్ట పట్టుకుని వంగి నడుస్తున్నాడు. పూంగొడికి ఒళ్ళు మండింది.

"నేను అటు తిరగ్గానే నూనె పోసుకుంటున్నారు కదూ? సిగ్గు లేదా మీకు?"

"అమ్మ తోడు, నేను ముట్టలేదే! నువ్వు వేసే ఆ ఎండు దోసెలు తిని బతుకుతున్నాను. అప్పడాలు నయం!"

"అయితే దొంగెవరో మీరే పట్టుకోండి. ఇక్కడే కూర్చోండి."

అతను పీట వేసుకుని పెనానికి ఎదురుగా కూర్చున్నాడు. అతని తల్లి, వడివాంబాళ్ అత్త, పోయి ఏడు నెలలయినా ఆ ఇనప పెనం ఆమెదే. పూంగొడి కొలిచిన చెంచాలోంచి నాలుగు చుక్కలు వేసి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది, పిండి తిప్పింది. కళ్ళు భర్త చేతుల మీంచి తీయలేదు. ఈసారి మోసం జరగదని ధైర్యం వచ్చింది.

మాసిలామణి మొహం పాలిపోయింది.

"పూంగొడీ... నీ ఎడం చేతిలో ఏమిటే అది?"

ఆమె కిందికి చూసింది. ఎడం చేతిలో నూనె గరిటె ఉంది. ఎప్పుడు పట్టుకుందో తెలియదు. దోసె అంచు చుట్టూ నూనె సన్నగా జారుతోంది, చుయ్యిమంటోంది. ఎడం చేత్తో ఆమె అగ్గిపుల్ల కూడా గీయలేదు ఏనాడూ. ఆ ఇంట్లో ఎడం చేత్తో వండింది ఒక్క అత్తే.

పూంగొడి వేళ్ళు విప్పబోయింది, విచ్చుకోలేదు. కుడిచేత్తో ఆ మణికట్టు పట్టి లాగింది, కదల్లేదు.

"చాలమ్మా," అన్నాడు మాసిలామణి, పూంగొడితో కాదు, ఆ చేతితో. "కడుపు నిండిపోయిందమ్మా. ఇంక వద్దు."

చెయ్యి మరో చుట్టు పోసింది. పూంగొడి అరుద్దామని నోరు తెరిచింది. కానీ బయటికి వచ్చిన మాట ఆమెది కాదు.

"ఇంకొక్కటి తినరా నాయనా. చిక్కి సగమయ్యావు."